స్టాపర్‌ను మార్చాలా, ఆట పద్ధతిని మార్చాలా?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూల్లో పీఈటీని. మా ఫుట్‌బాల్ టీమును నేను, మా మేనమామ కలిసి తయారు చేస్తాం. ఆయన ఒకప్పుడు హైదరాబాద్‌లో లీగులు ఆడిన హాఫ్. నాకు ఆట నేర్పింది కూడా ఆయనే. వెనక ముగ్గురు బ్యాకులు, వాళ్లలో మధ్యవాడు స్టాపర్, వాళ్ల ముందు ఇద్దరు హాఫులు, ఎవడి మనిషిని వాడు పట్టుకోవాలి. ఇదే ఆయన పద్ధతి. మొన్న పాలమూరులో జరిగిన టోర్నమెంటులో 5-1తో ఓడిపోయాం. అవతలి టీములో 9 నంబరు పోరడు మా గోల్ దగ్గర నిలబడకుండా మాటిమాటికీ సెంటర్ సర్కిల్ దాకా వెనక్కి పోయాడు. మా స్టాపర్ వాడి వెంట పోతే వెనక ఖాళీ అయింది, పోకపోతే వాడు తీరిగ్గా బాల్ పంచాడు. ఇప్పుడు అందరూ మా స్టాపర్‌నే తిడుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లాడు, గ్రౌండుకు రావడమే మానేశాడు. మామ వాడిని తీసేసి ఇంకొకడిని పెట్టమంటున్నాడు. నలుగురు బ్యాకులతో ఆడదామని నేనంటే "టీవీ చూసి నాకు ఆట నేర్పుతావా? రహీం సాబ్ కాలం నుంచి ఇదే ఆట" అని కోప్పడ్డాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో మా అమ్మకు టెన్షన్. పిల్లాడిని మార్చాలా, పద్ధతిని మార్చాలా? మామతో ఎట్లా మాట్లాడాలి?
- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: ముందు ఆ అబ్బాయికి కబురు పెట్టి గ్రౌండుకు పిలిపించండి. వాడు పడ్డ చిక్కులో వాడికంటే ఎంతో పెద్ద ఆటగాళ్లు పడ్డారు. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్, హంగరీ జట్లు ఆడాయి. ఇంగ్లండ్ స్టాపర్ హ్యారీ జాన్‌స్టన్. అదే ఏడాది ఎఫ్‌ఏ కప్ గెలిచిన బ్లాక్‌పూల్ జట్టుకు కెప్టెన్, బాగా అనుభవం ఉన్నవాడు. హంగరీ 9 నంబరు చొక్కా హిదేగ్‌కుటిది. ఆ రోజుల్లో 9 నంబరంటే సెంటర్ ఫార్వర్డ్, వాడిని పట్టుకోవడం స్టాపర్ పని. కానీ హిదేగ్‌కుటి ముందు నిలబడలేదు. మైదానం మధ్యకు వెనక్కి వచ్చి అక్కడి నుంచి ఆట నడిపించాడు. జాన్‌స్టన్ అతని వెంట పోతే ఆ ఖాళీలోకి హంగరీ ఫార్వర్డులు పుష్కాష్, కోచిష్ దూసుకొచ్చారు. పోకుండా ఆగితే హిదేగ్‌కుటిని అడిగేవాడే లేడు. మొదటి నిమిషంలోనే గోల్ కొట్టి, మొత్తం మూడు గోల్స్ చేశాడు. హంగరీ 6-3తో గెలిచింది. జాన్‌స్టన్ మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడలేదు.

మీరు అడిగిన దానికి జవాబు ఆ తర్వాత జరిగిన సంగతిలో ఉంది. ఆరు నెలలకు, 1954 మేలో, బుడాపెస్ట్‌లో ఆ రెండు జట్లే మళ్లీ ఆడాయి. వెంబ్లీలో ఆడిన పదకొండు మందిలో ఏడుగురిని ఇంగ్లండ్ వాళ్లు మార్చేశారు. కొత్త స్టాపర్‌ను తెచ్చారు. పద్ధతిని మాత్రం అట్లాగే ఉంచారు. ఈసారి 7-1తో ఓడిపోయారు. మీ మామ ఇప్పుడు చెప్పే మందును అప్పుడే ఒక దేశం వాడి చూసిందన్నమాట. మనిషిని మార్చి పద్ధతిని ఉంచితే, వచ్చే కొత్త స్టాపర్ కూడా అదే రెండు దారుల మధ్య నిలబడతాడు.

ఇంతమాత్రాన మామ పద్ధతి తప్పు అనుకోకండి. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. ఆయన అదే మొదటి నుంచీ ఉన్న ఆట అనుకుంటున్నారు గానీ, అదీ ఒకప్పుడు కొత్త పద్ధతే. అంతకు ముందు దాదాపు నలభై ఏళ్లు అందరూ ఆడింది 2-3-5. ఇద్దరే బ్యాకులు, ముగ్గురు హాఫులు, అయిదుగురు ఫార్వర్డులు. ఇద్దరు బ్యాకులతో ఎట్లా సరిపోయిందంటే, ఆఫ్‌సైడ్ రూలు వాళ్ల వైపు ఉండేది. బాల్ ముందుకు ఇచ్చే క్షణంలో ఫార్వర్డుకూ గోల్ లైనుకూ మధ్య గోల్‌కీపర్‌తో కలిపి అవతలి వాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. అందుకని ఒక బ్యాకు నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, ఫార్వర్డు ఆఫ్‌సైడ్‌లో పడేవాడు. అంచనా తప్పినా ఇంకో బ్యాకు వెనకే ఉన్నాడు కాబట్టి పెద్ద ప్రమాదం ఉండేది కాదు. న్యూకాజిల్ బ్యాకు బిల్ మెక్‌క్రాకెన్ ఈ పనిలో ఎంత ఆరితేరాడంటే, ఆటలు ఆగి ఆగి సాగేవి, జనం విసుక్కునేవారు.

1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. దాంతో ముందుకు వేసిన అడుగు తప్పితే వెనక మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడే. ఆ సీజన్‌లో ఇంగ్లండ్ లీగులో గోల్స్ సుమారు మూడో వంతు పెరిగాయి. అక్టోబరు 3న న్యూకాజిల్ చేతిలో ఆర్సెనల్ 7-0తో ఓడింది. ఆర్సెనల్ ఆటగాడు చార్లీ బుకన్ ఇదివరకే ఒక మాట చెబుతున్నాడు. మైదానమంతా తిరిగే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల మధ్య నిలబెట్టాలని. ఆ ఓటమి తర్వాత మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ ఒప్పుకున్నాడు. రెండు రోజులకే వెస్ట్ హామ్‌పై 4-0తో గెలిచారు. స్టాపర్ అనే మనిషి ఆటలో స్థిరపడింది అక్కడి నుంచే. సెంటర్ హాఫ్ వెనక్కి పోయేసరికి మధ్యలో ఖాళీ పడింది. దాన్ని పూడ్చడానికి, సెంటర్ ఫార్వర్డుకూ వింగర్‌కూ మధ్య ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్ ఒకడు కూడా వెనక్కి రావాల్సి వచ్చింది. 1929లో చాప్‌మన్ కొన్న అలెక్స్ జేమ్స్ ఆ పనికి పేరు పొందాడు. ముందు అయిదుగురిని గీస్తే డబ్ల్యూ, వెనక అయిదుగురిని గీస్తే ఎమ్ ఆకారం వస్తుంది కాబట్టి దీన్ని డబ్ల్యూఎమ్ అన్నారు. అంకెల్లో 3-2-2-3. మీ మామ పద్ధతి ఇదే.

దీని బలం లెక్క తేలిగ్గా ఉండటం. ఇటు బ్యాకుకు అటు వింగర్, స్టాపర్‌కు సెంటర్ ఫార్వర్డ్, హాఫ్‌కు ఇన్‌సైడ్ ఫార్వర్డ్. పిల్లలకు ఒక్క పూటలో చెప్పొచ్చు. అందుకే ఏళ్ల తరబడి అది నిలిచింది. అయితే ఈ లెక్క సరిపోవాలంటే అవతలి వాళ్లు కూడా అదే పద్ధతిలో నిలబడాలి. వాళ్లలో ఒక్కడు తన చోటు మారితే ఇటు ఒక్కడికి పని తెలియకుండా పోతుంది. పాలమూరులో జరిగింది అదే అయి ఉంటుంది.

అయి ఉంటుందని ఎందుకంటున్నానంటే, నేను ఆ మ్యాచ్ చూడలేదు. మీరు తేల్చుకోవాలి. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అది చూడండి, లేకపోతే గోల్‌కీపర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. వెనక నుంచి అన్నీ చూసేది వాడే. ఒక్కో గోల్‌కు ముందు స్టాపర్ ఎక్కడున్నాడు, అవతలి 9 నంబరు ఎక్కడున్నాడు, గోల్ కొట్టినవాడు ఏ దారిన వచ్చాడు అనేది కాగితం మీద గీయండి. స్టాపర్ సెంటర్ సర్కిల్ దగ్గర ఉండి, కొట్టినవాడు వాడి వెనక ఖాళీలోంచి వచ్చి ఉంటే అది పద్ధతిలో లోపం. స్టాపర్ తన చోటులోనే ఉండి, ఎదురుగా వచ్చినవాడు పరుగులోనో హెడింగ్‌లోనో వాడిని దాటి ఉంటే అది ఆ అబ్బాయి ఆటలో లోపం, దాన్ని ప్రాక్టీసులో సరిచేయాలి. బ్యాకు దగ్గర్నుంచి వింగర్ తప్పించుకుని కొట్టిన గోల్స్‌ను ఇందులో కలపకండి. స్టాపర్ మీద పడ్డ నిందలో సగం అక్కడే పోవచ్చు. ఈ కాగితాన్ని దాచండి, మామ దగ్గర పనికొస్తుంది.

పద్ధతిలోనే లోపమని తేలితే మీ ముందు దారులు రెండు మూడున్నాయి.

అన్నిటికంటే తక్కువ మార్పుతో అయ్యేది, ముగ్గురినే ఉంచి స్టాపర్‌ను కదలొద్దని చెప్పడం. వెనక్కి పోయిన 9 నంబరును ఇద్దరు హాఫుల్లో ఎవరికి దగ్గరగా వస్తే వాళ్లు పట్టుకోవాలి. అప్పుడు స్టాపర్ ఎవరినీ పట్టుకోకుండా వెనక కాపలా ఉంటాడు. అవతలి టీము తన 9 నంబరును వెనక్కి పంపడమే తప్ప ఆ ఖాళీలోకి ఇంకెవరినీ పరిగెత్తించకపోతే ఇది చాలు. స్కూల్ టీముల్లో చాలావాటికి అంత ఆలోచన ఉండదు. కానీ హాఫ్ వాడి మీదికి పోగానే, ఆ హాఫ్ పట్టుకోవాల్సిన ఇన్‌సైడ్ ఫార్వర్డ్ ఖాళీ అవుతాడు. వాడు తెలివైనవాడైతే మీరు గుంతను పక్కకు జరిపినట్టే, పూడ్చినట్టు కాదు.

ఇంకొకటి, స్టాపర్‌ను వెంట పంపి, రెండు పక్కల బ్యాకుల్ని లోపలికి ముడుచుకోమనడం. నేనైతే దీని జోలికి పోను. బ్యాకులు లోపలికి వస్తే వింగర్లు ఖాళీగా నిలబడతారు. ఒక్క పొడుగు పాస్‌తో ఆట అటు మళ్లుతుంది. అటు పరిగెత్తడానికి పిల్లల కాళ్లు చాలవు.

మూడోది నలుగురు బ్యాకులు. ఇది ఎట్లా వచ్చిందో చూస్తే మీ ఇంట్లో గొడవ కూడా కొంత తగ్గుతుంది. వెంబ్లీలో హంగరీ చేసింది ఒక్క హిదేగ్‌కుటిని వెనక్కి తేవడమే కాదు. వాళ్ల ఇద్దరు హాఫుల్లో బోజిక్ ముందుకు ఆడాడు, జకారియాష్ మాత్రం దాదాపు బ్యాకుల వరసలోనే ఉండిపోయాడు. అంటే ఒక హాఫ్ అడుగు వెనక్కి వేస్తే ముగ్గురు నలుగురయ్యారు. 1958లో స్వీడన్‌లో ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ దాన్ని తేటగా 4-2-4గా ఆడింది. నలుగురు బ్యాకుల్లో మధ్యవాళ్లు ఇద్దరు. ఒకడు ఫార్వర్డు వెంట ముందుకు పోతే రెండోవాడు వెనక ఉంటాడు. జాన్‌స్టన్‌కు దొరకని సాయం ఇదే. కానీ మధ్యలో ఇద్దరే మిగిలితే కష్టం కాబట్టి, ఎడమ వింగర్ జగాలో వెనక్కి ముందుకి తిరుగుతూ మూడోవాడిగా సాయపడ్డాడు. 1962 నాటికి అది ఇంచుమించు 4-3-3 అయిపోయింది. ఇంకో సంగతి, వెంబ్లీలో ఆ రోజు ఇంగ్లండ్ కుడి బ్యాకుగా ఆడినవాడు ఆల్ఫ్ రామ్సే. అదే మనిషి 1966లో మేనేజర్‌గా, నలుగురు బ్యాకులతో, వింగర్లే లేకుండా ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్ తెచ్చాడు. దెబ్బ తిన్నవాడికే పాఠం బాగా ఎక్కింది.

ఇప్పుడు మీ టీముకు దీన్ని పెట్టి చూద్దాం. ఎవరినీ తీసేయనక్కర్లేదు. ఎడమ హాఫ్‌ను బ్యాకుల వరసలోకి, స్టాపర్ పక్కకు దించండి. పక్క బ్యాకులిద్దరూ ఎప్పటిలాగే వింగర్లను చూస్తారు. మధ్యలో ఒక హాఫ్, ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డులు మిగులుతారు, ముందు ముగ్గురు. 3-2-2-3 కాస్తా 4-3-3 అయింది. అదే పదకొండు మంది. దీనికి మీరు కట్టాల్సిన ధర, ఎడమ ఇన్‌సైడ్ ఫార్వర్డ్ బాల్ పోయిన ప్రతిసారీ వెనక్కి పరుగెత్తి రావాలి. ఎందుకంటే కిందికి దిగిన హాఫ్ పట్టుకునే మనిషిని ఇప్పుడు వాడే చూడాలి. అందుకని ఆ చోట్లో గోల్స్ కొట్టేవాడి కంటే ఊపిరి ఉన్నవాడిని పెట్టండి. ముందు గోల్స్ కొంత తగ్గుతాయి, అది తప్పదు. ఆ పిల్లాడు అలసిపోయాడో లేదో కనిపెట్టడం తేలికే. మీ నలుగురికి ఎదురుగా అవతలివాడు ఒకడు మన గోల్ వైపు తిరిగి తీరిగ్గా బాల్ పట్టుకుంటున్నాడంటే మధ్యలో మనిషి రాలేదన్నమాట. అప్పుడు జగాలో లాగా ఒక వింగర్‌ను లోపలికి, కిందికి రమ్మనండి.

నలుగురిని పెట్టగానే చిక్కు దానంతటదే పోదు. మధ్యలో ఉన్న ఇద్దరూ ఒకేసారి 9 నంబరు మీదికి పోతే ముగ్గురున్నప్పటి కంటే పెద్ద ఖాళీ పడుతుంది. ఇద్దరూ ఆగిపోతే మళ్లీ పాలమూరు కథే. ఎవరు పోవాలి, ఎంత దూరం పోవాలి అనే రెండింటినీ ప్రాక్టీసులోనే తేల్చాలి. సగం గ్రౌండులో నలుగురు బ్యాకుల్ని, ముగ్గురు ఫార్వర్డుల్ని, వాళ్లకు బాల్ ఇవ్వడానికి ఒకడిని పెట్టండి. సెంటర్ లైనుకు కొంచెం ఇవతల అడ్డంగా కోన్లు పెట్టండి. ఫార్వర్డు వెనక్కి వచ్చి బాల్ అడిగితే, వాడు ఎవరి పక్కన ఉంటే ఆ స్టాపర్ పోతాడు, "నేను పోతున్నా" అని గట్టిగా అరుస్తాడు. రెండోవాడు రెండు మూడడుగులు వెనక్కి, మధ్యలోకి జరుగుతాడు. ఫార్వర్డు మన గోల్‌కు వీపు పెట్టి ఉన్నంతసేపు వాడికి అంటుకుని ఉండాలి. వాడు తిరిగిపోతే ఇక కాలు పెట్టకూడదు, వెనక్కి పరుగెత్తి వరసలో కలవాలి. కోన్లు దాటి పోతే వదిలేయాలి, అక్కడ హాఫ్ చూసుకుంటాడు. మీ స్టాపర్ మామూలు పిల్లాడైతే కొన్ని పూటలు తడబడతాడు, తర్వాత అలవాటవుతుంది. అరవడం మాత్రం నేర్పాలి. మన పోరగాళ్లు ఊర్లో గంటలకొద్దీ కేకలేస్తారు గానీ గ్రౌండులో నోరు విప్పరు.

ఆఫ్‌సైడ్ ట్రాప్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నలుగురూ ఒకే గీతలా ముందుకు రావడం టీవీలో బాగానే ఉంటుంది. మన టోర్నమెంట్లలో లైన్ దగ్గర జెండా పట్టుకునేది చాలాసార్లు ఇంకో స్కూలు సారే. ఆయన జెండా ఎత్తకపోతే మీ నలుగురూ చేతులెత్తి నిలబడి ఉంటారు, బాల్ గోల్‌లో ఉంటుంది.

ఇక రహీం సాబ్ మాట. మామ ఆ పేరు తెచ్చినందుకు సంతోషం, ఎందుకంటే ఆ పేరు మీ పక్షానే ఎక్కువ మాట్లాడుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, స్కూల్ టీచరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, తర్వాత దేశం జట్టును తయారు చేశాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 4-2-4ను మన దేశంలో ముందుగా పట్టుకున్నవాళ్లలో ఆయనొకడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. అతను దేశంలోనే పేరున్న స్టాపర్. రహీం అతన్ని పక్కన పెట్టకుండా సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చాం, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. స్టాపర్‌ను ఇంటికి పంపే పద్ధతి రహీం సాబ్‌ది కాదని మామకు గుర్తు చేయండి.

అయితే ఈ చరిత్రంతా వల్లించి ఆయన్ని ఓడించాలని చూడకండి. పెద్దమనిషి, మీకు గురువు. అమ్మను మధ్యవర్తిగా కూడా పంపకండి, అది ఇంట్లో పంచాయితీ అవుతుంది. గోల్స్ గీసిన కాగితం తీసుకుని మీరే పోయి, "మామా, ఈ గోల్ అప్పుడు మన ఎడమ హాఫ్ ఎక్కడుండాలి?" అని అడగండి. ఆయన హాఫ్‌గా ఆడినవాడు. ఆ చోటు గురించి మీకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేడు. "బాల్ మన దగ్గరున్నప్పుడు మీ ముగ్గురే, బాల్ పోయినప్పుడు మాత్రం హాఫ్ వెనక్కి" అని చెప్పండి. ఇది ఆయన్ని బుజ్జగించే మాట కాదు, ఇప్పటి పెద్ద జట్లు నిజంగా ఆడేది ఇట్లాగే. 2023లో చాంపియన్స్ లీగ్ గెలిచిన మాంచెస్టర్ సిటీలో జాన్ స్టోన్స్ డిఫెండరే. కానీ బాల్ తమ దగ్గరుంటే ముందుకు వచ్చి, మధ్యలో ఆడే రోద్రి పక్కన హాఫ్‌లా నిలబడేవాడు. వాళ్ల ముందు ఇద్దరు, ఆపైన ముగ్గురు, వెనక ముగ్గురు. అంకెలు వేసి చూడండి, 3-2-2-3. చాప్‌మన్ గీసిన గీతే. బాల్ పోగానే స్టోన్స్ వెనక్కి పోయేవాడు, మళ్లీ నలుగురు. మీ మామ పద్ధతి ముసలిదైపోలేదు, మ్యాచ్‌లో సగం సేపు బతికే ఉంది.

మీ పిల్లలతో ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త. స్టోన్స్‌లా ముందుకు పోయి వెనక్కి రావడంలో ప్రమాదమంతా బాల్ పోయిన మొదటి నాలుగైదు సెకన్లలోనే. మీ హాఫ్ నిదానస్తుడైతే ఆ కాసేపట్లోనే గోల్ పడుతుంది. అలాంటివాడైతే ముందుకు పంపకండి, మ్యాచ్ అంతా నాలుగోవాడిగా వెనకే ఉండనివ్వండి. ఆ హాఫ్‌ను తయారు చేసే పని మామకే అప్పగించండి. స్టాపర్ పిల్లాడి పక్కన రోజూ నిలబడేది ఆ హాఫే కాబట్టి, మామ ఇద్దరికీ కలిపి నేర్పాల్సి వస్తుంది. తిట్టిన పిల్లాడితో ఆయనకు మాట కలవడానికి అంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

ఆయన అప్పటికీ ససేమిరా అంటే, లేదా తర్వాతి టోర్నమెంటుకు వారం రోజులే ఉంటే, నలుగురి జోలికి పోకండి. సగం నేర్చిన నలుగురి కంటే బాగా తెలిసిన ముగ్గురే నయం. మొదటి దారి పట్టండి. స్టాపర్‌గా అదే అబ్బాయిని పెట్టి, 9 నంబరు వెంట పోవద్దని, వాడు హాఫుల బాధ్యతని టీమంతా కూర్చున్నప్పుడు అందరికీ వినపడేలా చెప్పండి. అప్పుడు 9 నంబరు ఖాళీగా బాల్ పట్టుకుంటే జనం ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.